ఒకే సిగ్మా మొత్తానికి మూడు జవాబులు

ప్రశ్న: "మధ్యలో ఆగిపోయిన గణితాన్ని ఉద్యోగం చేసుకుంటూ మళ్ళీ మొదలుపెట్టాను. పుస్తకం నా స్నేహితురాలి దగ్గర ఉంది. తను పేజీలను ఫోటో తీసి పంపుతుంది, ఇద్దరం విడివిడిగా చేసి జవాబులు పోల్చుకుంటాం. ఈసారి వచ్చిన ఫోటోలో సిగ్మా గుర్తు, దాని పైన 20, కింద k = 5 ఉన్నాయి. ఆ 5 కాస్త మసకగా ఉంది, 6 కూడా కావచ్చు. పక్కన బ్రాకెట్ తెరిచి 3k² − 2k + 4 అని ఉంది. k మీది చిన్న అంకె 2 అనుకుంటున్నాను, 3 ఏమోనన్న అనుమానమూ ఉంది. పేజీ మడత వల్ల బ్రాకెట్ ఎక్కడ మూసుకుందో తెలియడం లేదు. నేను 1 నుంచి 20 వరకు మొత్తం కట్టి, అందులోంచి 1 నుంచి 5 వరకు మొత్తం తీసేశాను, 8115 వచ్చింది. తనకు 8184 వచ్చింది. పుస్తకం చివర జవాబు 8124 అని ఉంది. నాకు సూత్రాలే రావని తను అంటోంది, పుస్తకం తననూ తప్పంటోంది కదా అని నేనన్నాను, మాట పెరిగింది. ఎవరిది తప్పు? సూత్రాలు మళ్ళీ మొదటి నుంచి చదవాలా?"

సమాధానం: సూత్రాలను మొదటి నుంచి చదవవలసిన అవసరం మీకు లేదు. వర్గాల మొత్తానికి తప్పు సూత్రం వాడినవారికి 8115 రాదు. మీ ముందున్న మూడు సంఖ్యల్లో ప్రతి ఒక్కటీ ఏదో ఒక మొత్తానికి సరైన విలువే. కాబట్టి ఎవరిది తప్పు అని అడిగే ముందు, ఏ సంఖ్య ఏ మొత్తానికి జవాబో తేల్చుకుందాం. అది తేలితే ఫోటోలోని మూడు అనుమానాల్లో ఒకటి పూర్తిగా తొలగిపోతుంది, మిగిలిన రెండూ ఎంత ముఖ్యమైనవో తెలుస్తుంది.

తొలగిపోయేది k మీది చిన్న అంకె గురించిన అనుమానం. అది 3 అయితే మొత్తంలోకి ఘనాలు వస్తాయి. 1 నుంచి 20 వరకు ఘనాల మొత్తం, సహజ సంఖ్యల మొత్తమైన 210కి వర్గం, అంటే 44100. అందులోంచి మొదటి నాలుగు ఘనాల మొత్తం 100 తీసేస్తే 44000 మిగులుతుంది. దాన్ని 3తో గుణించేసరికే లక్షా ముప్పై రెండు వేలు అవుతుంది. మీ ముగ్గురి జవాబులూ ఎనిమిది వేల దగ్గరే ఉన్నాయి, పుస్తకం జవాబుతో సహా. కనుక అది వర్గమే. మసక అంకెను కంటితో తేల్చలేనప్పుడు, ఒక్కో అంకెకు మొత్తం ఏ స్థాయిలో ఉంటుందో లెక్కకట్టి చూడడం ఎంతో మేలు. ఘాతం మారితే మొత్తం స్థాయే మారిపోతుంది కాబట్టి ఈ పరీక్ష ఘాతాల విషయంలో చక్కగా పనిచేస్తుంది. కింది అంకె 5 అయినా 6 అయినా ఒక్క పదమే తేడా కాబట్టి అక్కడ ఇది పనికిరాదు.

ఇప్పుడు కింద 5, పైన 20 అనీ, బ్రాకెట్ 4 తర్వాత మూసుకుందనీ అనుకుని లెక్క చేద్దాం. కావలసిన సూత్రాలు రెండే:

Σk = n(n + 1)/2
Σk² = n(n + 1)(2n + 1)/6

ఈ రెండూ k = 1 నుంచి మొదలయ్యే మొత్తాలకే వర్తిస్తాయి. మీ మొత్తం 5తో మొదలవుతోంది. చిక్కంతా ఇక్కడే వచ్చింది. n = 20 పెడితే Σk విలువ 210, Σk² విలువ 20 × 21 × 41 / 6 = 2870. వీటిలోంచి మనకు అక్కరలేని పదాలను తీసేయాలి. అక్కరలేనివి k = 1, 2, 3, 4; ఐదో పదం మనకు కావాలి, ఎందుకంటే మొత్తం మొదలయ్యేదే దానితో. నాలుగు వరకు Σk విలువ 10, Σk² విలువ 30. కనుక 5 నుంచి 20 వరకు Σk = 200, Σk² = 2840. ఇక స్థిర సంఖ్య 4 ఉంది. 5 నుంచి 20 వరకు పదాలు 20 − 5 + 1 = 16; ప్రతి పదంలోనూ ఒక 4 ఉంటుంది కాబట్టి దాని వాటా 64. మొత్తం:

3 × 2840 − 2 × 200 + 64 = 8520 − 400 + 64 = 8184

ఇది మీ స్నేహితురాలి జవాబు. మీరు చేసిన పని ఏమిటో మీ లేఖలోనే ఉంది: 1 నుంచి 5 వరకు తీసేశారు. అలా తీసేసినప్పుడు ఐదో పదం కూడా పోయింది. ఆ పదం విలువ 3 × 25 − 10 + 4 = 69. 8184లోంచి 69 తీసేస్తే సరిగ్గా 8115. అంటే సూత్రాలు, గుణకారాలు, కూడికలు అన్నీ సరిగ్గా చేసి, తీసేయవలసిన చోట ఒక్క పదం ఎక్కువ తీసేశారు. కింది అంకె a అయితే a − 1 వరకే తీసేయాలి. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, దానికి కారణమూ ఉంది. 20లోంచి 5 తీసేస్తున్నామన్న భావన మనసులో బలంగా ఉంటుంది. రెండు చివరలూ మొత్తంలో భాగమేనన్న సంగతి మరుగున పడుతుంది. పదాల సంఖ్య లెక్కించేటప్పుడూ ఇదే జరుగుతుంది. 16 రావలసిన చోట 15 వస్తుంది.

అయితే మీ 8115ను ఇప్పుడే కొట్టివేయకండి. ఫోటోలోని ఆ మసక అంకె నిజంగా 6 అయితే, 1 నుంచి 5 వరకు తీసేయడమే సరైన పద్ధతి, అప్పుడు 8115 సరైన జవాబు. 5తో మొదలయ్యే మొత్తంలో మీరు చేసిన పొరపాటు, 6తో మొదలయ్యే మొత్తాన్ని సరిగ్గా చేయడం, రెండూ ఒకే సంఖ్య దగ్గరికి చేరతాయి. అందుకని 8115ను మాత్రమే చూసినవారు మీ పని తప్పో ఒప్పో చెప్పలేరు. మీరు ఏ అంకెను చదివి, ఎంతవరకు తీసేశారో చూస్తేనే చెప్పగలరు. 5గా చదివి 5 వరకు తీసేశారు కాబట్టి, అచ్చులో 6 ఉన్నట్టు తేలినా మీరు దిద్దుకోవలసింది మిగిలే ఉంటుంది. అప్పుడు వచ్చిన సరైన జవాబు కాకతాళీయం అవుతుంది.

పుస్తకం జవాబు 8124కు వద్దాం. మీ స్నేహితురాలి జవాబుతో దాని తేడా 60. ఇలాంటి మొత్తాల్లో రెండు జవాబులు కలవనప్పుడు, ఒకదాన్నొకటి తీసేసి, ఆ తేడా దేనితో తయారైందో చూడమని నేను అందరికీ చెబుతాను. పేజీ మొత్తం మళ్ళీ తిరగేయడం కంటే ఇది త్వరగా దారి చూపుతుంది. 69 వస్తే అది ఐదో పదం. ఇక్కడ 60 వచ్చింది, అంటే 15 నాలుగులు. పదహారు నాలుగులు ఉండవలసిన చోట ఒక్క నాలుగే ఉంటే తేడా పదిహేను నాలుగులు అవుతుంది. 8520 − 400 + 4 = 8124. అంటే పుస్తకం జవాబులో 4 ఒక్కసారే కలిసింది.

అలా కలవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, అచ్చులోనే బ్రాకెట్ 2k తర్వాత మూసుకుని, + 4 బయట ఉండడం. అప్పుడు సిగ్మాకు 4తో సంబంధం ఉండదు. మొత్తమంతా కట్టిన తర్వాత ఒక్క 4 కలుపుతాం, 8124 నిర్దోషమైన జవాబు అవుతుంది. రెండోది, బ్రాకెట్ 4 తర్వాతే మూసుకున్నా, జవాబు తయారుచేసినవారు స్థిర సంఖ్యను పదాల సంఖ్యతో గుణించడం మరచిపోవడం. సిగ్మా లోపల k లేని సంఖ్య కనిపించగానే దాన్ని అలాగే వదిలేయడం సాధారణంగా జరిగే పొరపాటే, అది పుస్తకాల చివరి పేజీల్లోకీ చేరగలదు. ఈ రెండింట్లో ఏది జరిగిందో 8124 అనే సంఖ్య మనకు చెప్పదు. ఎంత లెక్క చేసినా చెప్పదు.

బ్రాకెట్ ఎక్కడ మూసుకుని ఉండవచ్చో మాత్రం కొంత తర్కించవచ్చు. తెరిచిన బ్రాకెట్ 3k² ముందు కనిపిస్తోందని రాశారు. అది 3k² తర్వాతే మూసుకుని ఉంటే − 2k సిగ్మా బయట పడుతుంది. అలా పడడానికి వీల్లేదు. k అనేది 5 నుంచి 20 వరకు విలువలు తీసుకుంటూ పోయే అక్షరం, సిగ్మా లోపలే దానికి అర్థం ఉంటుంది. బయటికి వచ్చిన 2kలో k విలువ 5 అనాలా, 20 అనాలా, మరేదైనా అనాలా? లెక్కలో వేరే చోట kకి విలువ ఇచ్చి ఉంటే తప్ప ఆ రాతకు అర్థం లేదు, జవాబు ఒక సంఖ్యగా రావడమూ కుదరదు. కనుక 2k లోపలే ఉంది. అనుమానం ఒక్క 4 గురించే. అది లోపల ఉంటే 64 కలుస్తుంది, బయట ఉంటే 4 కలుస్తుంది.

ఇప్పుడు మీకు మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది, 8184ను తీసుకుని ముందుకు వెళ్ళడం. ఈ తరహా అభ్యాసాల్లో బహుపది మొత్తాన్ని బ్రాకెట్‌లో పెట్టడమే మామూలు కాబట్టి, ఇది నిజమయ్యే అవకాశం బాగానే ఉంది. అయితే అలా చేస్తే పుస్తకం జవాబు తప్పని మీరు నిర్ణయించినట్టు అవుతుంది, ఆ నిర్ణయానికి ఆధారం అలవాటు తప్ప మరేమీ ఉండదు. ఇకముందు పుస్తకంతో మీ జవాబు కలవని ప్రతిసారీ పుస్తకాన్నే అనుమానించే వీలు ఏర్పడుతుంది, దానివల్ల మీ అసలు పొరపాట్లు దాగిపోవచ్చు.

రెండోది, పుస్తకం జవాబు 8124ను సరైనదిగా ఒప్పుకుని, దానికి తగ్గట్టు బ్రాకెట్‌ను 2k తర్వాత పెట్టుకోవడం. ఇది సులువు. కాని జవాబును చూసి ప్రశ్నను దిద్దుకోవడం అవుతుంది. అచ్చులో 4 లోపల ఉండి, వెనుక జవాబే తప్పయితే, స్థిర సంఖ్యను ఒక్కసారే కలపాలన్న తప్పుడు పద్ధతి మీ చేతికి అలవాటవుతుంది. దీన్ని నేను ఎక్కువ నష్టంగా భావిస్తాను, ఎందుకంటే తర్వాత చేసే ప్రతి మొత్తంలోనూ అది తిరిగి వస్తుంది.

మూడోది, ఆ ఒక్క వరుసను మళ్ళీ ఫోటో తీయించుకోవడం. పేజీని మడత లేకుండా చదునుగా పరచి, కెమెరాను నేరుగా పైనుంచి పట్టుకుని, సిగ్మా కింది అంకెలు స్పష్టంగా కనిపించేంత దగ్గరగా తీయమనండి. దాంతోపాటు అదే పాఠంలో పుస్తకం చేసి చూపించిన ఒక ఉదాహరణను కూడా పంపమనండి. ఆ ఉదాహరణలో స్థిర సంఖ్యను పదాల సంఖ్యతో గుణించి ఉంటే, ఆ పుస్తకానికి పద్ధతి తెలుసని అర్థం. అప్పుడు 8124 బయట ఉన్న 4 వల్ల వచ్చిందో, అచ్చుతప్పో తేల్చడానికి కొత్త ఫోటోలోని బ్రాకెట్ ఒక్కటే చాలు. ఆలస్యమవుతుందన్నది తప్ప ఈ మార్గంలో నష్టం నాకు కనిపించడం లేదు. కొత్త ఫోటో వచ్చేలోపు నోట్‌బుక్‌లో రెండు జవాబులూ రాసి ఉంచండి, ప్రతిదాని ముందు మీరు చదివిన తీరును ఒక వాక్యంలో రాయండి: 4 లోపల ఉంటే 8184, బయట ఉంటే 8124. కింది అంకె 6 అయితే ఇవే వరుసగా 8115, 8059 అవుతాయి. నాలుగో సంఖ్య మీలో ఎవరికీ రాలేదు, పుస్తకంలోనూ లేదు. అందువల్ల ఒక విషయం స్పష్టమవుతుంది: పుస్తకం జవాబు అచ్చులో ఉన్న ప్రశ్నకే సరైనదైతే, కింది అంకె 5 అయి తీరాలి.

ఈలోగా మీ పద్ధతిని మీరే పరీక్షించుకునే దారి చెబుతాను. పైన ఉన్న 20ని కాసేపు 7గా మార్చండి. అప్పుడు పదాలు మూడే. k = 5కి 69, k = 6కి 108 − 12 + 4 = 100, k = 7కి 147 − 14 + 4 = 137. నేరుగా కూడితే 306. ఇప్పుడు సూత్రాలతో చేయండి: 7 వరకు వర్గాల మొత్తం 140, అందులోంచి 30 పోతే 110, 7 వరకు సంఖ్యల మొత్తం 28, అందులోంచి 10 పోతే 18, పదాలు 3. 330 − 36 + 12 = 306. కలిసింది. మీరు మొదట చేసినట్టు 5 వరకు తీసేసి ఉంటే 237 వచ్చేది, మూడు పదాలు కళ్ళముందే ఉన్నాయి కాబట్టి 69 ఎక్కడికి పోయిందో అప్పుడే కనిపించేది. 4ను ఒక్కసారే కలిపి ఉంటే 298 వచ్చేది, అదీ దొరికిపోయేది. పెద్ద మొత్తంలో దాగే పొరపాటు ఏదైనా మూడు పదాల మొత్తంలో దాగలేదు.

పూర్తి మొత్తాన్ని మరో దారిలో సరిచూసుకోవాలంటే, మొదలును 1కి జరపవచ్చు. k స్థానంలో j + 4 రాయండి; k = 5 అయినప్పుడు j = 1, k = 20 అయినప్పుడు j = 16. లోపలి మాట ఇలా మారుతుంది:

3(j + 4)² − 2(j + 4) + 4 = 3j² + 22j + 44

ఇప్పుడు మొత్తం 1 నుంచే మొదలవుతోంది కాబట్టి తీసేయవలసింది ఏమీ లేదు. 16 వరకు వర్గాల మొత్తం 16 × 17 × 33 / 6 = 1496, సంఖ్యల మొత్తం 136. 3 × 1496 = 4488, 22 × 136 = 2992, 44 × 16 = 704. మూడూ కలిపితే 8184. ఈ పద్ధతిలో ఎంతవరకు తీసేయాలన్న సందేహం రాదు, పదాల సంఖ్య 16 అని పైనే రాసి కనిపిస్తుంది. దానికి బదులు బ్రాకెట్లను విస్తరించేటప్పుడు గుర్తులు తప్పే ప్రమాదం ఉంది. − 2(j + 4)లో − 8ని + 8గా రాస్తే 16 పదాల్లోనూ 16 చొప్పున పెరిగి జవాబు 256 ఎక్కువ వస్తుంది. మీకు తీసేయడంలో తడబాటు ఉంది కాబట్టి కొంతకాలం ఈ రెండో పద్ధతిని సరిచూడడానికి వాడండి, మొదటి పద్ధతిని మాత్రం వదిలిపెట్టకండి. కింది అంకె చిన్నదైనప్పుడు, లోపలి మాట పొడవుగా ఉన్నప్పుడు మొదటిదే తక్కువ పని.

వర్గాల సూత్రం గుర్తుండదన్న భయం ఉంటే, ఆర్యభటుడు చెప్పిన తీరు మేలైనది. క్రీ.శ. 499 నాటి తన రచనలో ఆయన ఈ మొత్తాన్ని మూడు రాశుల లబ్ధంలో ఆరో వంతుగా చెప్పాడు: పదాల సంఖ్య, దానికి ఒకటి కలిపినది, ఆ రెండింటి మొత్తం. 20, 21, రెండూ కలిపితే 41. మూడోది మొదటి రెండింటి మొత్తమని గుర్తుంటే 2n + 1కి బదులు 2n − 1 రాసే పొరపాటు జరగదు.

మీ స్నేహితురాలితో మాట్లాడేటప్పుడు తన 8184 తప్పా ఒప్పా అన్న చోట మొదలుపెట్టకండి. 4 లోపల ఉందని తను ఎలా చదివిందో అడగండి. పుస్తకం తన చేతిలోనే ఉంది కాబట్టి మూసిన బ్రాకెట్ తనకు స్పష్టంగా కనిపించి ఉండవచ్చు. అలా అయితే మీ ఇద్దరి మధ్య మిగిలింది ఐదో పదం ఒక్కటే, అది మీరు ఒప్పుకోవలసిన దిద్దుబాటు, వెనుక పేజీలోని 8124 పుస్తకానిదే తప్పు. పుస్తకంలో బ్రాకెట్ 2k తర్వాత మూసుకుని ఉంటే మాత్రం మీరిద్దరూ దిద్దుకోవాలి. తను 64ను 4గా మార్చాలి. మీరు ఐదో పదాన్ని వెనక్కి తెచ్చి, మీ పదిహేను నాలుగుల స్థానంలో ఒక్క 4 పెట్టాలి, అంటే 8445 − 390 + 60 అన్న మీ చివరి వరుస 8520 − 400 + 4 అవుతుంది.